లెక్కకు చిక్కని మూడు వేల మంది

తుమకూరు జిల్లా పటంలో పావగడ తాలూకా జిల్లాకు అతుక్కుని ఉండదు. పైన, విడిగా, ఒక ముక్కలా కనిపిస్తుంది. దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే: ఒక పక్క మడకశిర, హిందూపురం, ఇంకో పక్క పెనుకొండ, కల్యాణదుర్గం. సొంత రాష్ట్రంతో దాన్ని కలిపేది చిత్రదుర్గం జిల్లా వైపున్న సన్నటి నేల మాత్రమే. ఆఫీసు కాగితాలు కన్నడంలో ఉంటాయి, ఇళ్లలోనూ సంతలోనూ ఎక్కువగా తెలుగు వినిపిస్తుంది. పెళ్లి సంబంధాలు, ఆసుపత్రులు, చదువులు, కూలి పనులు అన్నీ సరిహద్దు దాటి అటూ ఇటూ సాగుతుంటాయి. జనాభా లెక్కలు వేసేవాళ్లకు ఇంతకంటే కష్టమైన ఊరు, ఇంతకంటే బాగా నేర్పే ఊరు దొరకడం అరుదు.

ముందు రెండు అంకెలు చూద్దాం. 2001 జనగణనలో పావగడ పట్టణ జనాభా వందలకు సరిచేసి చెప్తే 28,100. పదేళ్ల తర్వాత, 2011లో, 28,500. పదేళ్లలో పెరిగింది నాలుగు వందల మంది. చూడగానే ఎదుగూ బొదుగూ లేని ఊరు అనిపిస్తుంది. కానీ పదేళ్లపాటు ఒక ఊళ్లో పిల్లలు పుట్టకుండా ఉండరు, ముసలివాళ్లు చనిపోకుండా ఉండరు. ఆ నాలుగు వందల కింద ఎంత కదలిక ఉందో బయటికి తీయడమే ఈ అధ్యాయం పని.

జనగణనకూ జనగణనకూ మధ్య ఒక ఊరి జనాభాను అంచనా కట్టడానికి అందరికీ తట్టే దారి గీతను పొడిగించడం. గత పదేళ్లలో ఇంత పెరిగింది కాబట్టి వచ్చే పదేళ్లలోనూ అంతే పెరుగుతుందనుకోవడం. పదేళ్లకోసారి తప్పకుండా లెక్క జరిగే దేశంలో ఈ పద్ధతి పెద్దగా ముంచదు. మన దగ్గర 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల ఆగిపోయింది. తర్వాతి జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. మంచు ప్రాంతాలు మినహా దేశమంతటికీ అది 2027 మార్చి 1ని లెక్క తేదీగా నిర్ణయించింది. అంటే పదేళ్ల ఎడం పదహారేళ్లయింది. ఆహార భద్రత చట్టం కింద రేషన్ ఎందరికి ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 అంకెల మీదే నడుస్తోంది. ఇంత దూరం గీతను పొడిగిస్తే అది ఎటు వంగిందో చూసేవాడు ఉండడు.

గణాంకవేత్తలు నమ్మే దారి వేరు. ఒక ఊళ్లో జనం పెరగడానికి రెండే మార్గాలు: అక్కడ పుట్టాలి, లేదా బయటినుంచి రావాలి. తగ్గడానికీ రెండే: చనిపోవాలి, లేదా వెళ్లిపోవాలి. ఐదో మార్గం లేదు. కాబట్టి:

నేటి జనాభా = పాత జనాభా + జననాలు − మరణాలు + వచ్చినవారు − వెళ్లినవారు

దీన్ని అంశాల పద్ధతి అంటారు. ఇందులో అంచనా గానీ ఊహ గానీ ఏమీ లేవు, ఇది తప్పడానికి వీల్లేని కూడిక. సరిహద్దు మారకుండా ఉండి, కుడివైపున్న ఐదు సంఖ్యలూ సరైనవైతే ఎడమవైపుది సరైనదే అవుతుంది. చిక్కంతా ఆ ఐదు సంఖ్యలు ఎక్కడినుంచి వస్తాయన్న దగ్గరే ఉంది.

ఇప్పుడు 2001–2011కి వద్దాం. శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టం, అంటే దేశమంతటా ఎంపిక చేసిన ఊళ్లలో, వార్డుల్లో జననమరణాలను నిరంతరం నమోదు చేసే ఏర్పాటు, రాష్ట్రాలవారీగా రేట్లు ఇస్తుంది. దాని ప్రకారం 2001లో కర్ణాటకలో వెయ్యి జనాభాకు ఏడాదికి సుమారు 22 జననాలు, ఏడున్నర మరణాలు. 2011 నాటికి జననాలు 19కి కాస్త లోపు, మరణాలు ఏడు. రెండింటి తేడాను దశాబ్దం మొత్తానికి సగటు చేస్తే వెయ్యికి 13 దాకా వస్తుంది. పావగడకు విడిగా ఇలాంటి రేటు లేదు కాబట్టి ప్రస్తుతానికి రాష్ట్రం రేటునే వాడదాం. ఊళ్లో సగటున 28,300 మంది ఉన్నారనుకుంటే ఏడాదికి వెయ్యికి 13 చొప్పున పదేళ్లలో చేరాల్సినవాళ్లు 3,700 మంది. చేరింది 400. మిగతా 3,300 మంది ఎక్కడ?

వెళ్లిపోయారు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వచ్చినవాళ్లకంటే వెళ్లినవాళ్లు 3,300 మంది ఎక్కువ. పదివేల మంది వెళ్లి ఆరువేల ఏడువందల మంది వచ్చి ఉండవచ్చు. నాలుగువేల మంది వెళ్లి ఏడువందల మంది వచ్చి ఉండవచ్చు. ఈ లెక్క ఆ రెండింటికీ తేడా చూపదు. చుట్టుపక్కల పల్లెల నుంచి పట్టణానికి వచ్చి చేరేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు కాబట్టి అసలు వెళ్లినవాళ్లు 3,300 కంటే ఎక్కువే అని మాత్రం చెప్పగలం.

వాళ్లు ఎటు వెళ్లారో ఊహించడం కష్టం కాదు. అదే దశాబ్దంలో తుమకూరు జిల్లా మొత్తం 25.85 లక్షల నుంచి 26.79 లక్షలకు, అంటే నాలుగు శాతం కూడా నిండకుండా పెరిగింది. బెంగళూరు నగర జిల్లా 65 లక్షల నుంచి 96 లక్షలకు, 47 శాతం పెరిగింది. నలభై ఏడు శాతం జననాలతో వచ్చే పెరుగుదల కాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ 3,300 అన్నది ఎవరూ లెక్కపెట్టిన సంఖ్య కాదు. ఎవరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు. తీసివేతలో మిగిలిన సంఖ్య అది. పుట్టుకకు రిజిస్టర్ ఉంది, చావుకు రిజిస్టర్ ఉంది. ఒక కుటుంబం తాళం వేసి రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్లిపోతే మన దేశంలో దానికి ఏ రిజిస్టరూ లేదు. అందుకే వలసను మిగులుగానే కట్టాలి. మిగులుగా కట్టే ఏ సంఖ్యకైనా ఒక శాపం ఉంటుంది: మిగతా నాలుగు సంఖ్యల్లో ఉన్న తప్పులన్నీ వచ్చి దాని మీదే పడతాయి. జనాభా అంచనాల గురించి ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

ఎంత పడతాయో చూడండి. పావగడలో సహజ పెరుగుదల రాష్ట్ర సగటు కంటే కాస్త తక్కువ, వెయ్యికి 13 కాక 11 అనుకుందాం. అప్పుడు చేరాల్సినవాళ్లు 3,100, వలస 2,700. రేటులో వెయ్యికి ఇద్దరి తేడాకు ఆరువందల మంది మాయమయ్యారు. జనగణన సంగతీ అంతే. లెక్కలు అయ్యాక కొన్ని ప్రాంతాల్లో మళ్లీ తిరిగి సరిచూసే సర్వే ఒకటి జరుగుతుంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద వెయ్యికి సుమారు 23 మంది లెక్కలోకి రాలేదని ఆ సర్వే తేల్చింది. 2001లోనూ దాదాపు అంతే. రెండుసార్లూ ఒకే పాళ్లలో తప్పిపోతే తీసివేతలో ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. కానీ ఒక చిన్న పట్టణంలో రెండోసారి మొదటిసారి కంటే రెండు శాతం ఎక్కువమంది తప్పిపోయారనుకోండి. అప్పుడు 570 మంది ఇంట్లోనే ఉండి కూడా మన లెక్కలో వలసపోయినట్టు తేలతారు.

పావగడ విషయంలో ఈ భయానికి ప్రత్యేక కారణం ఉంది. ఇది కరువు తాలూకా. వేరుశనగ వానాధార పంట. జూన్, జూలైలలో విత్తి, కార్తీకం దాటేసరికి శెనక్కాయలు పీకి ఇంటికి తెస్తారు. ఆ తర్వాత నేలలో పని ఉండదు. కూలినాలి చేసేవాళ్లు నగరానికి, కట్టడాల దగ్గరికి వెళ్లి, తొలకరికి తిరిగొస్తారు. 2011 జనగణన తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు, లెక్క తేదీ మార్చి 1. అంటే ఊరు అన్నిటికంటే ఖాళీగా ఉండే రోజుల్లో. ఆ రోజులన్నీ ఇంట్లో లేనివాళ్లను ఉన్నచోటే లెక్కించాలన్నది నియమం. నియమం బాగానే ఉంది. కానీ బెంగళూరులో సగం కట్టిన భవనం కింద రేకుల షెడ్డులో ఉన్నవాళ్లను అక్కడి ఎన్యూమరేటర్ ఎంత శ్రద్ధగా వెతికాడన్న దాన్నిబట్టి వాళ్లు బెంగళూరు లెక్కలో ఉంటారు, లేదా ఎక్కడా ఉండరు. మార్చి 1న పావగడ జనాభా, ఆగస్టు 1న పావగడ జనాభా రెండు వేర్వేరు సంఖ్యలు. మనం పొడిగించేది మొదటిదాన్ని.

ఇప్పుడు జననాలకు వద్దాం. రిజిస్టర్ ఉంది కదా, ఏముంది కష్టం అనిపిస్తుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకైనా చావైనా 21 రోజుల్లో తెలియజేయాలి, అది జరిగిన చోటే నమోదు చేయాలి. జరిగిన చోట అన్న ఆ రెండు మాటల్లోనే ఉంది కష్టమంతా.

మన ఇళ్లలో మొదటి కాన్పు పుట్టింట్లో. పావగడ కోడలు మడకశిర పిల్లయితే బిడ్డ పుట్టేది మడకశిరలోనో హిందూపురంలోనో. ఆ పుట్టుక ఆంధ్రప్రదేశ్ రిజిస్టర్లో చేరుతుంది. మూడు నెలలకో ఐదు నెలలకో తల్లీబిడ్డా పావగడ వస్తారు. కర్ణాటక లెక్కలో ఆ బిడ్డ పుట్టలేదు, కానీ ఊళ్లో ఉంది. దీనికి విరుద్ధంగా, పావగడ ఆడపడుచు పెనుకొండ నుంచి కాన్పుకు వచ్చి ఇక్కడి తాలూకా ఆసుపత్రిలో కంటే, ఆ బిడ్డ పావగడ రిజిస్టర్లో ఉంటుంది, ఊళ్లో ఉండదు. దీనికి తోడు చుట్టూ ఉన్న పల్లెల కాన్పులన్నీ ఆ ఆసుపత్రిలోనే కాబట్టి పట్టణం రిజిస్టర్ నిండుగా, పల్లెల రిజిస్టర్లు వెలితిగా ఉంటాయి. కాన్పు కష్టమైతే అంబులెన్స్ తుమకూరుకో బెంగళూరుకో పోతుంది, నమోదూ దానితోపాటే పోతుంది. పట్టణం రిజిస్టర్లోని జననాలను అలాగే తీసి సమీకరణంలో పెడితే వచ్చేది పావగడ జననాల సంఖ్య కాదు, పావగడ ఆసుపత్రుల పనిభారం.

దీనికి మందు ఆ ఫారంలోనే ఉంది, అది చాలామందికి తెలియదు. జనన నమోదు ఫారంలో ధ్రువపత్రానికి అక్కరలేని రెండో భాగం ఒకటుంటుంది. గణాంకాల కోసమే పెట్టిన భాగమది. అందులో తల్లి మామూలుగా నివసించే ఊరేదో అడుగుతారు, కాన్పు జరిగిన చోటు అది కాకపోవచ్చని అక్కడే వివరిస్తారు. ఆ గడిని జాగ్రత్తగా నింపితే పుట్టిన ప్రతి బిడ్డనూ తల్లి ఊరికి తిప్పి పంపవచ్చు. కాన్పుకు వచ్చిన అమ్మాయి పుట్టింటి చిరునామా చెప్తే ఆ గడి కూడా అబద్ధమాడుతుంది. ఇంకో అడ్డంకి రాష్ట్రాల సరిహద్దు. కర్ణాటక నమోదులు ఈ-జన్మ అనే పోర్టల్లో ఉంటే ఆంధ్ర నమోదులు మరో చోట ఉంటాయి. 2023లో చట్టాన్ని సవరించి, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి, జనన మరణాలకు దేశమంతటికీ ఒకే డేటాబేస్ ఉండాలన్నారు. పావగడ లాంటి చోట్లకు ఆ సవరణ వల్ల కలిగే మేలు మైసూరుకో విజయవాడకో కలిగే మేలుకంటే చాలా ఎక్కువ.

మరణాల కష్టం వేరే రకం. పుట్టిన బిడ్డకు బడి కోసం, ఆధార్ కోసం ఎప్పుడో ఒకప్పుడు ధ్రువపత్రం కావాలి. చనిపోయినవాళ్లకు కాగితం కావాల్సింది బతికున్నవాళ్లకు. తండ్రి పేరున భూమి ఉంటే కొడుకులు పౌతి ఖాతా చేయించుకోవాలి కాబట్టి మరణం నమోదవుతుంది. బీమా ఉంటే నమోదవుతుంది. సెంటు భూమి లేని ముసలమ్మ ఇంట్లో కన్నుమూస్తే ఆ కాగితంతో ఎవరికీ పని పడదు. నెలలోపు పోయిన పసిగుడ్డు సంగతి మరీ అన్యాయం: కొన్నిసార్లు పుట్టుకా రాయరు, చావూ రాయరు. కూడిక పరంగా అది జనాభా అంచనాను చెడగొట్టదు, రెండూ ఒకదానికొకటి చెల్లిపోతాయి. శిశుమరణాల రేటును మాత్రం పూర్తిగా చెడగొడుతుంది.

రాయని మరణాలెన్నో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా వాడే జవాబు మన దేశపు నేల మీదే పుట్టింది. చిదంబర చంద్రశేఖరన్, అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి 1949లో ఒక పరిశోధన పత్రం రాశారు. కలకత్తా దగ్గర సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలోని నమోదులను దానికి వాడారు. ఆలోచన ఇది: ఒకే సంగతిని ఇద్దరు విడివిడిగా, ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా రాస్తే, ఇద్దరూ పట్టుకున్నవెన్నో చూసి ఇద్దరూ వదిలేసినవెన్నో చెప్పవచ్చు.

అంకెలతో చేసి చూద్దాం. ఇవి లెక్క నడక కోసం నేను పెట్టినవి, పావగడ రిజిస్టర్లోవి కావు. ఊరివాళ్ల మరణాలు ఏడాదిలో రిజిస్టర్లో 144 ఉన్నాయి. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి విడిగా రాసుకున్న జాబితాలో 120 ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి పేరు, వయసు, వీధి చూసి జతపరిస్తే 108 రెండింటిలోనూ దొరికాయి. ఆశాల 120లో రిజిస్టర్ పట్టుకున్నవి 108, అంటే పదింటికి తొమ్మిది. రిజిస్టర్ ఆశాలు చూసిన మరణాలను పదింటికి తొమ్మిది పట్టుకుంటే మిగతావాటినీ అదే పాళ్లలో పట్టుకుంటుందనుకోవడం న్యాయమే. కాబట్టి 144 అన్నది అసలు సంఖ్యలో తొమ్మిది పాళ్లు, అసలు సంఖ్య 160. రిజిస్టర్లో లేనివి 16. వాటిలో 12 ఆశాల జాబితాలో ఉన్నాయి, మిగిలిన 4 ఏ పుస్తకంలోనూ లేవు. ఎవరూ చూడని నాలుగు మరణాలను లెక్కలోకి తెచ్చిందే ఈ పద్ధతి గొప్పదనం.

అయితే ఇద్దరూ నిజంగా విడివిడిగా రాయాలి. ఆశా కార్యకర్తే రిజిస్ట్రార్‌కు సమాచారం ఇస్తే ఒకరు పట్టుకున్నవే రెండోవాళ్లూ పట్టుకుంటారు, జతలు ఎక్కువ కలుస్తాయి, నమోదు నిజం కంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఊరి చివర గుడిసెల్లోకి ఇద్దరూ వెళ్లకపోయినా అదే ఫలితం. రెండు సందర్భాల్లోనూ తప్పు ఒకవైపే మొగ్గుతుంది: మరణాలు తక్కువగా తేలతాయి. ఎటు మొగ్గుతుందో తెలిసిన తప్పు మంచి తప్పు, కనీసం దిద్దుకోవడానికి దారి ఉంటుంది. శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టంలో స్థానికంగా ఒకరు రోజూ రాయడం, ఆరునెలలకోసారి మరొకరు వచ్చి సర్వే చేయడం, జత కలవనివాటిని మళ్లీ వెళ్లి తేల్చుకోవడం ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

ఇక వలస. గతానికైతే దాన్ని మిగులుగా తీశాం. 2011 తర్వాతి కాలానికి అలా తీయడానికి రెండో జనగణన లేదు. కాబట్టి కదిలే మనుషులు వదిలే జాడలు వెతకాలి. అమెరికా జనగణన సంస్థ పన్ను రిటర్నుల్లో మారిన చిరునామాలు చూస్తుంది. బ్రిటన్ గణాంక కార్యాలయం ఏ డాక్టరు దగ్గర ఎవరు పేరు రాయించుకున్నారో చూస్తుంది. పావగడ కూలీ పన్ను రిటర్ను వేయడు. ఓటర్ల జాబితా, రేషన్ కార్డు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే వెళ్లినవాళ్లు ఆ రెండింటినీ ఊళ్లోనే ఉంచుకుంటారు. ఓట్ల రోజున బస్సులు నిండుగా వచ్చేది అందుకే. కరెంటు కనెక్షన్లు కొంత మేలు, మీటరు ఉన్నా నెలల తరబడి కనీస బిల్లు దాటని ఇల్లు తాళం పడిన ఇల్లని అనుమానించవచ్చు. కానీ ఆ ఇంటినుంచి ఇద్దరు కొడుకులు వెళ్లి తల్లిదండ్రులు మిగిలితే మీటరు ఏమీ చెప్పదు.

నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించే జాడ బడి. అమెరికాలో చాలాకాలం వాడిన ఒక పద్ధతి మొత్తం దీనిమీదే ఉంది. ఆరు నుంచి పదమూడేళ్ల పిల్లలు ఇవాళ ఊళ్లో ఎంతమంది ఉండాలో మనకు ముందే తెలుసు, ఎందుకంటే వాళ్లు పుట్టినప్పుడే రాసుకున్నాం. మళ్లీ లెక్క నడక కోసం: ఏడాదికి 480 జననాల చొప్పున ఎనిమిదేళ్లకు 3,840 మంది, అందులో బతికి ఉండాల్సినవాళ్లు 3,700 అనుకుందాం. పట్టణం బడుల్లో పల్లె పిల్లలూ చదువుతారు. జనగణన ఏడాదిలో ఊరి పిల్లలు నలుగురుంటే బడుల్లో ఐదుగురు కనబడ్డారనుకుంటే, ఎవరూ కదలకపోతే ఇవాళ ఒకటి నుంచి ఎనిమిది తరగతుల్లో 4,625 మంది ఉండాలి. ఉన్నది 4,390. తక్కువైంది ఐదు శాతం. ఆ మేరకు పిల్లలున్న కుటుంబాలు వెళ్లిపోయాయి.

పిల్లలతో వెళ్లేవాళ్లకంటే ఒంటరిగా వెళ్లే ఇరవై, పాతికేళ్లవాళ్లు ఎక్కువ. కాబట్టి పిల్లల రేటును ఊరు మొత్తానికి అలాగే అంటించకూడదు. గత దశాబ్దంలో మొత్తం వలసకూ పిల్లల వలసకూ ఉన్న నిష్పత్తిని జనగణన వయసుల పట్టికల నుంచి తీసి దానితో హెచ్చించాలి. ఇక్కడ మోసపోయే చోటొకటుంది. కొత్తగా ఒక ప్రైవేటు బడి బస్సు ఇంకో పది పల్లెలకు తిరగడం మొదలుపెడితే నాలుగుకు ఐదు అన్న నిష్పత్తి మారిపోతుంది, బడిలో పిల్లలు పెరుగుతారు, మన లెక్కలో ఊరికి జనం వలస వచ్చినట్టు తేలుతుంది. అలా జరిగిందో లేదో తెలుసుకోవడానికి టీసీలు చూడాలి. బెంగళూరులో బడికి చేర్చడానికి తీసుకున్న ప్రతి టీసీ, మన దేశంలో వలసకు ఉన్న అతి కొద్ది లిఖిత సాక్ష్యాల్లో ఒకటి. దాన్ని జనాభా లెక్కకు వాడుకోకపోవడం పెద్ద వృథా.

ఇప్పుడు 2027 మార్చి 1కి పావగడ పట్టణం అంచనా కడదాం. 2011 నుంచి సహజ పెరుగుదల వెయ్యికి సగటున పదిన్నర అని తీసుకుంటాను, రాష్ట్రం రేటు తగ్గుతూ వచ్చిన తీరు దాదాపు అంతే. పాత గీతను పొడిగిస్తే 29,150 వస్తుంది. వలస పూర్తిగా ఆగిపోయిందనుకుంటే 33,700. వలస పాత రేటులో సగానికి తగ్గితే 30,750. పాత రేటులోనే, అంటే ఏడాదికి వెయ్యికి పదకొండున్నర చొప్పున సాగితే 28,050, అంటే ఊరు 2011 కంటే చిన్నదవుతుంది. పాత వలసే, పాత ఊరే, అయినా గీత పొడిగింపు పెరుగుదల చూపింది, అంశాల లెక్క తగ్గుదల చూపింది. కారణం ఒక్కటే: ఈలోగా జననాలు తగ్గాయి. ఒకప్పుడు వెళ్లినవాళ్ల చోటును నింపినంతమంది పిల్లలు ఇప్పుడు పుట్టడం లేదు. పైగా వెళ్లేది పెళ్లీడు యువతీ యువకులు, వాళ్ల పిల్లలు కూడా బెంగళూరులోనే పుడతారు. అంశాలను విడదీసి చూడకపోతే ఈ మలుపు కనబడదు.

ఈ నాలుగు సంఖ్యల్లో ఏది నిజానికి దగ్గర? 2011 తర్వాత పావగడ పాత పావగడ కాదు. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాలు రైతుల నుంచి కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. తొలిదశ 2018 మార్చిలో, మొత్తం 2019 చివరికి నడకలోకి వచ్చాయి. ఎకరాకు మొదట్లో ఏడాదికి 21,000 రూపాయల కౌలు. భూమి ఉన్నవాడికి ఊళ్లో ఉండటానికి అది ఒక కారణం. ఆ భూముల్లో కూలి చేసినవాడికి ఊరు విడవడానికి అదే కారణం. పలకలు బిగించేటప్పుడు బయటినుంచి మనుషులు వచ్చారు, పని అయ్యాక వెళ్లిపోయారు. మధ్యలో 2020 లాక్‌డౌన్‌లో నగరాల నుంచి జనం వెనక్కి వచ్చారు, ఆ తర్వాత మళ్లీ కదిలారు. ఇన్ని జరిగాక 2001–2011 వలస రేటును అలాగే వాడటాన్ని నేను ఒప్పుకోను. ఒక్క సంఖ్య చెప్పమంటే బడి, మీటరు జాడలు చూడకుండా చెప్పను. 28,000కూ 31,000కూ మధ్య అని చెప్పి, ఆ మూడు వేల వెడల్పు మొత్తం వలసదేనని పక్కన రాస్తాను.

వలసను సరిగా పట్టలేకపోవడం పేద దేశాలకే పరిమితం కాదు. 2001లో బ్రిటన్ జనగణన ఫలితాలు వచ్చినప్పుడు ఏటా కూడుతూ వచ్చిన అంచనా కంటే దాదాపు పది లక్షల మంది తక్కువ తేలారు. ఎక్కువగా లోపించింది యువకులు. దేశంలోకి వచ్చేవాళ్లు డాక్టరు దగ్గర పేరు రాయించుకుంటారు, వెళ్లేవాళ్లు ఎవరికీ చెప్పి వెళ్లరు. కొన్నేళ్లుగా ఆ చెప్పని ప్రయాణాలు పోగుపడ్డాయి. అయితే జనగణనే తప్పని మాంచెస్టర్, వెస్ట్‌మిన్‌స్టర్ పాలక సంస్థలు వాదించాయి. చిరునామాల జాబితాలు మళ్లీ పరిశీలించాక ఆ రెండు చోట్లా సంఖ్యను పెంచాల్సి వచ్చింది. అంచనాకూ జనగణనకూ తేడా వస్తే ప్రతిసారీ అంచనాదే తప్పు కానక్కర్లేదు.

అందుకే 2027 అంకెలు వచ్చాక పావగడ లెక్కలో తేడా ఎంతన్నది కాదు, ఏ వయసులో ఉందన్నది చూడాలి. ఇరవై నుంచి ముప్ఫై అయిదేళ్ల మగవాళ్లు అంచనాకంటే తక్కువుంటే వలస మనం అనుకున్నదానికంటే ఎక్కువ. ఆ వయసు ఆడవాళ్లు మాత్రమే తక్కువుంటే వలస కూలి కంటే పెళ్లిళ్ల దిక్కు వెతకాలి, ఈ సరిహద్దులో ఎందరు కోడళ్లు వస్తున్నారో ఎందరు ఆడపడుచులు వెళ్తున్నారో అడగాలి. ఆరేళ్లలోపు పిల్లలు ఎక్కువ తేలితే హిందూపురంలో పుట్టి ఇక్కడ పెరుగుతున్న బిడ్డలను మనం కలపలేదన్నమాట. డెబ్బై దాటినవాళ్లు తక్కువ తేలితే ఆ ముసలమ్మల మరణాలు ఎవరూ రాయలేదన్నమాట. అన్ని వయసుల్లోనూ ఒకే పాళ్లలో తక్కువ తేలితే జననాన్నీ మరణాన్నీ వలసనూ అనుమానించే ముందు, ఫిబ్రవరిలో ఎన్యూమరేటర్ వెళ్లని వీధులేవో కనుక్కోవాలి.